పదకొండు లోపు ఫోన్ చేస్తేనే పిండి
(తిరుపతిలో మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చిన శిక్షణలో ఒక ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిల్చున్న అక్కలు ముందుకొచ్చి కూర్చోండి, ఫ్యాన్ ఇక్కడే ఉంది.

ఈ శిక్షణకు పేర్లిచ్చినప్పుడు మీలో చాలామంది రాసిన మాట ఒకటే. "చిన్న ఫోన్ ఉంది, నెట్ తక్కువ, ఇంట్లో కూర్చుని సంపాదించే పని చెప్పండి." ముందుగా ఆ నెట్ ఎంతో చూద్దాం. 28 రోజులకు మొత్తం 2 జీబీ ఇచ్చే ప్యాక్ వేసుకున్నారనుకోండి. 2 జీబీ అంటే 2048 ఎంబీ. 28తో భాగిస్తే రోజుకు 73 ఎంబీ. మామూలు నాణ్యతలో వీడియో చూస్తే పది నిమిషాలకే ఇది అయిపోతుంది. అదే 73 ఎంబీతో వాట్సాప్‌లో అక్షరాల మెసేజీలు పంపితే రోజంతా టైపు చేసినా తరగదు, ఎందుకంటే ఒక్కో మెసేజీకి పట్టేది కొద్ది కేబీలే. ఫోటో ఒకటి వందా రెండొందల కేబీ. వాట్సాప్ కాల్ నిమిషానికి అర ఎంబీ దాకా. మామూలు కాల్‌కి అసలు నెట్టే అక్కర్లేదు.

దీన్నిబట్టి ఏ పని మన ఫోన్‌కు సరిపోతుందో చెప్పొచ్చు. పని మొత్తం నెట్‌లోనే జరగాలంటే మనకు కుదరదు. వీడియోలు చేసి పెట్టడం, వెబ్‌సైట్ తెరిచిపెట్టుకుని గంటలకొద్దీ ఎంట్రీలు కొట్టడం అలాంటివే. డెలివరీ యాప్ మరీ అంత డేటా తినదు గానీ నెట్ క్షణం కూడా పోకూడదు, పోతే ఆర్డరు వేరేవాళ్లకు వెళ్తుంది. పని చేత్తో చేసి, ఆర్డరు మాత్రం ఫోన్‌లో తీసుకునేదైతే 73 ఎంబీలో చాలావరకు మిగిలిపోతుంది. చీరలకు ఫాల్, పీకో, జాకెట్లు కుట్టడం, పూలు కట్టివ్వడం, తెల్లవారుజాము రైళ్లకు ఆటో పంపడం, ఇడ్లీ పిండి రుబ్బివ్వడం, ఇవన్నీ ఈ రకం.

ఇంకో రకం కూడా ఉంది, దాన్ని ఇక్కడే తేల్చేద్దాం. "టైపింగ్ పని, రోజుకు రెండు వేలు, ముందు రిజిస్ట్రేషన్ 499" అని మెసేజీ వస్తుంది. లేకపోతే హోటళ్లకు స్టార్లు ఇవ్వండి, వీడియోకు లైకు కొట్టండి అని మొదట నూటాయాభై రూపాయలు నిజంగానే వేస్తారు. ఆ తర్వాత "పెద్ద టాస్క్" కోసం మీరు ఐదు వేలు కట్టాలంటారు. జీతమిచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోడు. అంతకుమించి పరీక్ష అక్కర్లేదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి, ఇంకో ఖాతాలోకి వెళ్లిపోతుంది.

ఈరోజు పిండి ఒక్కటే తీసుకుందాం. ఒకటి పూర్తిగా చూస్తే మిగతావి మీరే లెక్క కట్టుకోగలరు. తిరుపతిలో పొద్దున్నే బయల్దేరేవాళ్లు ఎక్కువ. కొండ మీద డ్యూటీకి బస్సెక్కేవాళ్లు, హాస్టల్ వదిలేసి రూములు తీసుకుని వండుకునే పిల్లలు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు. కొర్లగుంట, భవానీ నగర్, ఎం.ఆర్.పల్లి, ఏ వీధి చూసినా ఇంతే. కాబట్టి అడిగేవాళ్లకు కొరత లేదు. ఎన్ని కిలోలు రుబ్బాలో ముందే తెలియకపోవడం దగ్గరే నష్టం వస్తుంది.

పది కిలోల పిండికి లెక్క రాసుకోండి. బియ్యం నాలుగు పాళ్లు, మినపగుళ్లు ఒక పాలు. అంటే 3 కిలోల 200 గ్రాముల ఇడ్లీ బియ్యం, 800 గ్రాముల గుళ్లు, గుప్పెడు మెంతులు. ఈ నాలుగు కిలోలకు నీళ్లు పోసి రుబ్బితే పది కిలోలకు కాస్త అటూఇటూగా పిండి వస్తుంది. బియ్యం కిలో 45, గుళ్లు 135 అనుకుందాం. మీ అంగట్లో ధర వేరైతే అది వేసుకోండి. బియ్యానికి 144, గుళ్లకు 108, ఉప్పూ మెంతులకు 8, కరెంటూ నీళ్లకు 6, కవర్లు పదికి 20, బండి పెట్రోలు 30. మొత్తం 316. కిలో 50కి అమ్మితే 500 వస్తుంది. మిగిలేది 184.

ఇప్పుడు ఆ పదిలో మూడు ప్యాకెట్లు అమ్ముడుపోలేదనుకోండి. 150 రూపాయలు రావు. ఖర్చు మాత్రం తగ్గదు. మిగిలేది 34. మూడు గంటలు గ్రైండర్ ముందు కూర్చున్నదానికి 34 రూపాయలు! రేపటికి పెడితే పులిసిపోతుంది, కొన్నవాళ్లు ఇంకోసారి కొనరు. అందుకే ఈ వ్యాపారంలో ఫోన్‌కి ఉన్న పని ప్రచారం కంటే ముందు ఆ మూడు ప్యాకెట్లను ఆపడం. రేపు పొద్దున ఎన్ని కిలోలు కావాలో బియ్యం నానబెట్టే లోపే తెలియాలి.

ఆ టైము పిండే చెబుతుంది. పొద్దున ఆరున్నరకు ఇంటి గుమ్మంలో ఇవ్వాలంటే ఐదింటికి ప్యాక్ చేయాలి. పొంగడానికి మామూలు రోజుల్లో తొమ్మిది పది గంటలు కావాలి, అంటే రాత్రి ఏడున్నరకల్లా రుబ్బడం అయిపోవాలి. ఇంట్లో వాడే రెండు లీటర్ల గ్రైండర్‌లో నాలుగు కిలోల గింజలు ఒక్కసారి పట్టవు. గుళ్లు రెండు విడతలు, బియ్యం మూడు నాలుగు విడతలు, మధ్యలో మోటారు చల్లారనివ్వాలి, మూడు గంటలు పెట్టుకోండి. అంటే నాలుగున్నరకు మొదలుపెట్టాలి. దానికి ముందు నాలుగైదు గంటలు నానాలి. వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే పదకొండున్నర అయింది. కాబట్టి ఆర్డరు గడువు పదకొండు. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి "అక్కా, రేపటికి రెండు కిలోలు" అంటే ఎల్లుండికి రాసుకుంటానని చెప్పండి. ఒక్కసారి మొహమాటపడి ఒప్పుకుంటే, అందరూ సాయంత్రమే ఫోన్ చేస్తారు.

ఇక ఆర్డరు ఎలా తీసుకోవాలి? గ్రూపు పెట్టొద్దు. గ్రూపులో ఒకరు "నాకు 1" అంటారు, ఇంకొకరు గుడ్ మార్నింగ్ బొమ్మ పెడతారు, మూడోవాళ్లు వీడియో పంపుతారు. ఆర్డరు పైకి పోతుంది, మీ డేటా కిందికి పోతుంది. దానికి బదులు రెండు దారులు పెట్టుకోండి. మొదటిది వాడుక ఆర్డరు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక కిలో అని ఒకసారి మాట్లాడుకుంటే రోజూ ఫోన్ అక్కర్లేదు, వద్దనుకున్న రోజే చెబుతారు. రెండోది మిస్డ్ కాల్. మిస్డ్ కాల్ అంటే "రేపటికి ఒక కిలో కావాలి" అని అర్థం, అంతకుమించి కావాలంటే మాట్లాడాలి.

మిస్డ్ కాల్‌తో ఒక చిక్కుంది. జేబులో ఫోన్ దానంతట అదే కలిసిపోతుంది, పిల్లలు నొక్కేస్తారు. కాబట్టి ప్రతి మిస్డ్ కాల్‌కూ ఒక ఎస్సెమ్మెస్ వెనక్కి పంపండి. "రేపు 1 కిలో. 6.30. సరే." ఇంతే. చాలా ప్యాకుల్లో రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు ఉంటాయి, ఎవరూ వాడరు. అయితే తెలుగు అక్షరాల్లో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 70 అక్షరాలే, ఇంగ్లీషు అక్షరాలైతే 160. తెలుగులో పెద్దగా రాస్తే ఒకటి పంపామనుకున్నది రెండూ మూడుగా లెక్కపడుతుంది. ఎస్సెమ్మెస్ రాకపోతే ఆర్డరు తీసుకోనట్టేనని ముందే అందరికీ చెప్పి ఉంచండి, పొద్దున గుమ్మంలో గొడవ ఉండదు.

కాంటాక్టుల్లో పేరు రాసుకునే తీరు కూడా చూడండి. "రాధక్క" అని రాస్తే మీ చుట్టాల రాధక్కతో కలిసిపోతుంది. ముందు "పిండి" అని, తర్వాత ఇల్లు దారిలో ఎన్నోదో రెండంకెల్లో రాయండి. "పిండి 03 మేడమీద అక్క", "పిండి 04 టైలరన్న". ఫోన్‌లో "పిండి" అని కొడితే అందరూ వరసగా, మీరు బండిలో వెళ్లే వరసలోనే వస్తారు. ఒకటి, రెండు అని కాకుండా 01, 02 అని రాయాలి. లేకపోతే ఫోన్ చాలాసార్లు 1 తర్వాత 10ని పెడుతుంది. ఆర్డర్లు మాత్రం పుస్తకంలో రాయండి. అడ్డంగా తేదీలు, నిలువుగా ఇళ్ల నంబర్లు, గడిలో కిలోలు. పదకొండింటికి రేపటి తేదీ కింద ఉన్న గడులు కూడితే ఎంత నానబెట్టాలో తెలిసిపోతుంది. పది కిలోలకు నాలుగు కిలోల గింజలు, ఏడు కిలోలకు రెండు కిలోల ఎనిమిది వందలు.

(సభలోంచి: "మరి వాట్సాప్ వద్దా అక్కా?")

కావాలమ్మా, కొత్తవాళ్లకు తెలియడానికి. స్టేటస్‌లో వారానికి రెండు ఫోటోలు చాలు. వీడియో పెడితే మీ డేటా పోతుంది, చూసేవాళ్లదీ పోతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో Quick replies అని ఉంది. ధర, గడువు, వీధులు ఒకసారి రాసిపెట్టుకుంటే, ఎవరైనా "కిలో ఎంత" అనగానే / కొట్టి పంపేయొచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో ఒకేసారి 256 మందికి పంపవచ్చు గానీ, మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. చాలామంది "నేను పంపా, ఎవరూ పలకలేదు" అని బాధపడేది ఇందుకే. మొదటి ప్యాకెట్ ఇచ్చేటప్పుడే "నా నంబరు సేవ్ చేసుకోండి" అని వాళ్ల ఎదుటే చేయించండి.

ఇంత చేసినా ఈ వ్యాపారానికి రోజుకు పది ఎంబీ దాటదు. మరి 73 ఎంబీ మధ్యాహ్నానికే ఎందుకు అయిపోతుంది? తినేది మీరు కాదు, మీకు తెలియకుండా ఫోనే తింటోంది. ఫోన్లు తీయండి, ఇప్పుడే సరిచేద్దాం. వాట్సాప్‌లో Settings, అందులో Storage and data, అందులో Media auto-download. When using mobile data అన్నచోట నాలుగు టిక్కులూ తీసేయండి. ఇకనుంచి మీరు వేలు పెట్టిన ఫోటోనే దిగుతుంది. Chats లో Chat backup కి వెళ్లి మొబైల్ డేటాతో బ్యాకప్ ఆపేయండి, వీడియోల బ్యాకప్ కూడా తీసేయండి. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి Settings, Network preferences, Auto-update apps అన్నచోట వైఫైలో మాత్రమే అని పెట్టండి. ఒక్క యాప్ అప్‌డేట్ వంద ఎంబీ ఉండొచ్చు, మీ ఒకటిన్నర రోజు నెట్ అది. చివరగా ఫోన్ సెట్టింగ్స్‌లో Data Saver ఆన్ చేసి, వాట్సాప్‌కీ డబ్బుల యాప్‌కీ మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఆ మినహాయింపు మర్చిపోతే మెసేజీలు మీరు యాప్ తెరిచినప్పుడే వస్తాయి, ఆర్డరు పదకొండు దాటాక కనబడుతుంది. ఇదొక్కటి జాగ్రత్త.

రోజువారీ జీబీ ప్యాకు ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ రోజు డేటా అయిపోయాక చాలా ప్యాకుల్లో నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కేబీ. ఫోటోకు ఇరవై సెకన్లు పడుతుంది, అక్షరాల మెసేజీ మాత్రం మామూలుగానే వెళ్తుంది. కాబట్టి "నెట్ అయిపోయింది" అని ఫోన్ పక్కన పడేయకండి, ఆర్డర్లు తీసుకోవచ్చు. అసలు నెట్టే వద్దనుకునేవాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే రీచార్జులు ఇవ్వాలని ఫోన్ కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆ కంపెనీలను ఆదేశించింది, 2025 నుంచి అవి దొరుకుతున్నాయి. వాడుక ఆర్డర్లు స్థిరపడిన వాళ్లకు అదీ సరిపోతుంది. అంగట్లో అడిగితే ముందు పెద్ద ప్యాకే చెబుతారు, మీరే పేరుపెట్టి అడగాలి.

డబ్బు సంగతి. క్యూఆర్ కోడ్ ఒకసారి ప్రింటు తీసి, లామినేషన్ చేయించి బండికి కట్టుకోండి. కొనేవాళ్లు వాళ్ల నెట్‌తో పంపుతారు, మీ ఫోన్‌లో నెట్ లేకపోయినా డబ్బు మీ ఖాతాలో పడుతుంది. పడిందని తెలియడమే కష్టం. స్క్రీన్‌షాట్ నమ్మకండి, దాన్ని తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. బ్యాంకు ఎస్సెమ్మెస్ వస్తే మేలే గానీ కొన్ని బ్యాంకులు చిన్న మొత్తాలకు పంపవు, యాభై రూపాయలకు అసలు రాకపోవచ్చు. అందుకని యాభై యాభైగా తీసుకోవద్దు. వారం డబ్బు ఒకేసారి ఆదివారం తీసుకోండి, లేదా పది కిలోలకు ముందే 500 కట్టించుకుని కార్డు మీద గడులు కొట్టండి. నాకైతే ముందు కట్టించుకోవడమే నచ్చుతుంది. బియ్యం మూట దాంతోనే వస్తుంది.

నెట్ లేకుండా ఖాతా చూడాలంటే కాల్ చేసేచోట *99# కొట్టండి. మెనూలో 3 Check Balance. యూపీఐ పిన్ అడుగుతుంది, బ్యాలెన్సు చూపిస్తుంది. 1 Send Money తో ఐదు వేల దాకా పంపొచ్చు కూడా. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్‌తోనే చేయాలి, మొదటిసారి డెబిట్ కార్డు చివరి ఆరంకెలూ గడువు తేదీ అడుగుతుంది. మెనూ ముందు ఆలోచిస్తూ కూర్చుంటే కనెక్షన్ తెగిపోతుంది, అంకెలు ముందే కాగితం మీద రాసుకోండి, పిన్ మాత్రం రాయొద్దు. అన్ని సిమ్‌లలో ఇది కలవదు, ఇంటికెళ్లి ఒకసారి కొట్టి చూడండి. ఇంకొకటి, డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. "ఆర్డరు డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి" అన్నవాడు మీ దగ్గర్నుంచి లాగుతున్నాడు.

పిండి చెడేది ఎక్కడో కూడా చెప్పి ఆపుతాను. మన ఎండాకాలంలో నలభై డిగ్రీల్లో తొమ్మిది గంటలు ఉంచితే పులిసి కిందికి దిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మొత్తం పని మూడు గంటలు ఆలస్యంగా మొదలుపెట్టండి. రెండున్నరకు నానబెట్టి, ఏడున్నరకు మొదలుపెట్టి, పదిన్నరకు ముగిస్తే ఐదింటికి ఆరున్నర గంటలే అవుతాయి, సరిపోతుంది. గడువు మాత్రం పదకొండే ఉంచండి, కాలానికో టైము చెబితే కొనేవాళ్లు గందరగోళపడతారు. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు పోయండి. గుళ్లు చాలినంత నలిగాయో లేదో చూడాలంటే చుక్క పిండి నీళ్లలో వేయండి, తేలాలి. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు రుబ్బాలి, లేకపోతే ఇడ్లీ రాయిలా వస్తుంది. కవర్‌లో మూడో వంతు ఖాళీ వదలండి. పిండి ప్యాకెట్‌లో కూడా పొంగుతుంది, నిండా నింపితే బంతిలా ఉబ్బి బండి మీదే పగులుతుంది. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఫోటో, గుర్తింపు కార్డు పట్టుకుని నెట్ సెంటర్‌కు వెళ్తే చేస్తారు. మీ డేటా ఖర్చుపెట్టి ఫోన్‌లో కుస్తీ పట్టకండి.

(సభలోంచి: "మా వీధి చివర టిఫిన్ అంగడాయన రోజూ పది కిలోలు కిలో నలభైకి ఇమ్మంటాండాడు. ఇయ్యొచ్చా?")

లెక్క వేద్దాం. పది కిలోలకు 400. కవర్లు లేవు, క్యానులోనే పోస్తారు. పక్కనే కాబట్టి పెట్రోలు పది వేసుకుందాం. ఖర్చు 276. మిగిలేది 124. ఇళ్లకు ఇస్తే 184 వచ్చేది. అరవై తగ్గింది, అయితే మిగిలిపోయే ప్యాకెట్లు లేవు, పది ఇళ్లు తిరిగే పని లేదు. ఇళ్లలో రోజుకు రెండు ప్యాకెట్లు మిగులుతుంటే మీకు నిజంగా వచ్చేది 84 రూపాయలే, అప్పుడు ఆయనకిచ్చిందే మేలు. మిగలకుండా అమ్మగలుగుతుంటే ఇళ్లే మేలు. రెండూ చేద్దామనుకుంటే రెండు లీటర్ల గ్రైండర్‌తో ఆరు గంటలు పడుతుంది, మోటారు ఓర్చుకోదు, పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ కొన్నాకే ఒప్పుకోండి. ఇంకొకటి, ఆయన డబ్బు ఎప్పుడిస్తానన్నాడు? నెలాఖరుకు అంటే ముప్పై రోజులకు మీ చేతి నుంచి ఏడున్నర వేల పైన బియ్యం, పప్పు పోయి ఉంటుంది. రోజు డబ్బు రోజు, లేదా మూడు రోజులకోసారి అని అడగండి. ఒప్పుకోకపోతే నాలుగు కిలోలతో మొదలుపెట్టి, ఒక వారం ఎలా ఇస్తాడో చూడండి.